మూడో తరగతి పిల్లకి ఎక్కాలు మానిపించి చింతగింజలు పేర్పిస్తున్నారు. ఏడెనిమిదులు అడిగితే గింజలు తెస్తానంటోంది

ప్రాణహిత_ఒడ్డు
మాది సిరోంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా పాప మూడో తరగతి. జూన్ చివర్లో బడి తెరిచినప్పుడు కొత్త మేడమ్ వచ్చారు. అంతకుముందు రోజూ పొద్దున్నే పిల్లలంతా గొంతెత్తి పాఢే, అంటే మరాఠీ ఎక్కాలు, అనేవాళ్ళు, రోడ్డు మీదికి వినిపించేది. ఈవిడ వచ్చాక అది ఆగిపోయింది. ఒక్కొక్కరూ వంద చింతగింజలు తెచ్చుకోమన్నారు. నెలన్నర నుంచి వాటిని వరుసల్లో పేర్చడం, పళ్ళేల్లో పంచడం, మళ్ళీ డబ్బాలో పోసుకుని ఇంటికి రావడం.

మొన్న "ఏడెనిమిదులు ఎంతే?" అని అడిగితే "ఆగు నాన్నా, గింజలు తెస్తా" అని లోపలికి పరిగెత్తింది. నది అవతల కాళేశ్వరంలో మా తమ్ముడి కొడుకు రెండో తరగతి. పదిహేనో ఎక్కం దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతాడు. వాడు వచ్చినప్పుడల్లా మా పిల్ల మొహం చిన్నబోతోంది.

ఇంకో గొడవ కూడా ఉంది. 3 × 4 కి బొమ్మ గీయమన్నారు. ఇది మూడు అడ్డు వరుసలు గీసి వరుసకి నాలుగు చుక్కలు పెట్టింది. తప్పు కొట్టారు. నాలుగు వరుసలు గీసి మూడేసి పెట్టాలట. రెండూ పన్నెండే కదా, ఇందులో తప్పేముంది? వెళ్ళి అడగాలా, ఊరుకోవాలా?

ధర్మాబాద్_మిర్చి
వంద చింతగింజలా! మా ఇంట్లో అయితే సాయంత్రానికి వేయించుకుని తినేసేవాళ్ళు. లెక్క సున్నా.

కోచింగ్_సూరి
నేను అయిదో తరగతి పిల్లల్ని నవోదయ పరీక్షకి తయారుచేస్తుంటాను. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. అక్కడికి గింజల డబ్బా తీసుకెళ్ళనివ్వరు. ఇరవై ఎక్కాలు నోటికి రాని పిల్ల మొదటి అరగంటలోనే వెనకబడిపోతుంది. నా మాట విని ఇంట్లో రోజుకో ఎక్కం అనిపించండి.

బొమ్మ దగ్గర మాత్రం మేడమ్‌దే తప్పు. మూడు నాలుగులైనా నాలుగు మూళ్ళైనా ఒకటే.

చీరంచు
గోడకి తగిలించే ఎక్కాల చార్టు కావాలంటే కాగితంది కొనకండి, ప్లాస్టిక్‌ది తీసుకోండి. మా వాడు రెండు చార్టులు చింపాక నాకు బుద్ధొచ్చింది.

ధర్మాబాద్_మిర్చి
@చీరంచు ఆయన చార్టు అడగలేదక్కా. గింజల మీద ఫిర్యాదు చేస్తున్నాడు.

చీరంచు
నిజమే, టైటిల్ చదివి రాసేశా. అయినా ప్లాస్టిక్‌దే తీసుకోండి.

పాతకాలం_పంతులు
నాకిప్పుడు 71 ఏళ్ళు. కిన్వట్ దగ్గర చదువుకున్నాను. మాకు ముప్పై దాకా పాఢే మాత్రమే కాదు, పావకీ, నిమకీ, పాఊణకీ, సవాయకీ, దీడకీ, అడీచకీ కూడా ఉండేవి. అంటే పావు ఎక్కం, అర ఎక్కం, అలా రెండున్నర ఎక్కం దాకా అన్నమాట. ఇప్పటికీ అర్ధరాత్రి లేపి రెండున్నర చొప్పున ఏడు మీటర్లు ఎంతంటే పదిహేడున్నర అని చెప్పి మళ్ళీ పడుకుంటాను. మాకెవరూ గింజలు పేర్పించలేదు. ముందు నోటికి రావాలి, అర్థం తర్వాత అదే వస్తుంది.

రాజురా_మాస్టర్
ఇరవై రెండేళ్ళుగా ఒకటి నుంచి నాలుగు తరగతులకి లెక్కలు చెబుతున్నాను. తెలుగు ఇళ్ళ పిల్లలే ఎక్కువ, బడి మరాఠీ. మీ పోస్టులో రెండు విషయాలు కలిసిపోయాయి. ముందు బొమ్మ సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ మీ పాపదీ తప్పు కాదు, మేడమ్‌దీ పూర్తిగా తప్పు కాదు.

మరాఠీలో మూడో పాఢా అని చూడండి. తీన్ ఏకే తీన్, తీన్ దుణే సహా, తీన్ త్రిక్ నఊ, తీన్ చోక్ బారా. మూడుని ఒకసారి, రెండింతలు, మూడింతలు, నాలుగింతలు చేస్తున్నారు. ప్రతి వరుసలోనూ మూడే గింజలు, ఒక్కో మాటకి ఒక్కో వరుస పెరుగుతుంది. తీన్ చోక్ అనేసరికి నాలుగు వరుసలు, వరుసకి మూడు.

ఇప్పుడు తెలుగులో అనండి. మూడు ఒకట్లు మూడు, మూడు రెళ్ళు ఆరు, మూడు మూళ్ళు తొమ్మిది, మూడు నాలుగులు పన్నెండు. ఇక్కడ కుప్పలు ఎప్పుడూ మూడే. ఒకట్లు, రెళ్ళు, మూళ్ళు, నాలుగులు అంటూ కుప్పలో గింజలు పెరుగుతున్నాయి. మీ పాప ఇంట్లో విన్న తెలుగు ప్రకారం "మూడు నాలుగులు" గీసింది. అంటే మూడు వరుసలు, వరుసకి నాలుగు. నోటితో ఏమందో అదే కాగితం మీద పెట్టింది.

మీరు చేయాల్సింది ఒకటే. ఆ బొమ్మ ముందు పెట్టి "దీన్ని చదువు" అనండి. మూడు నాలుగులు అని తెలుగులో చదివితే దానికి వచ్చేసినట్టే. తీన్ చోక్ అని చదువుతూ ఈ బొమ్మ చూపిస్తే మాత్రం కొంచెం కూర్చుని మాట్లాడాలి.

పాతకాలం_పంతులు
అరవై ఏళ్ళకి పైగా రెండు భాషల్లోనూ అంటున్నాను. ఈ తేడా నాకెప్పుడూ తట్టలేదు. ఇప్పుడు వేళ్ళ మీద పెట్టుకుని చూశాను, మీరు చెప్పింది నిజమే.

ధర్మాబాద్_మిర్చి
అంటే అర్థం తర్వాత వస్తుందన్నారు కదా, ఇప్పుడు వచ్చిందన్నమాట పంతులు గారూ.

పాతకాలం_పంతులు
వచ్చింది నాయనా. ఆలస్యమైనా వచ్చింది.

కోచింగ్_సూరి
ఇదంతా బాగానే ఉంది గానీ జవాబు పన్నెండే కదా మాస్టారూ. పరీక్షలో బొమ్మ ఎవడు అడుగుతాడు?

రాజురా_మాస్టర్
@కోచింగ్_సూరి మూడు మంచాలకి నాలుగేసి కాళ్ళు, పన్నెండు. నాలుగు ఆటోలకి మూడేసి చక్రాలు, పన్నెండు. అంతమాత్రాన మంచం ఎక్కి స్టేషన్‌కి వెళ్తామా?

భాగహారం మొదలయ్యాక మీ దగ్గరికి వచ్చే పిల్లల్లోనే ఇది బయటపడుతుంది. 12 గింజలు ముగ్గురికి పంచు అంటే మూడు కుప్పలు. మూడేసి చొప్పున కట్టలు కట్టు అంటే నాలుగు కట్టలు. రెండింటికీ 12 ÷ 3 అనే రాస్తాం, జవాబూ ఒకటే, చేతులు చేసే పని మాత్రం వేరు. 26 రూపాయలకి మూడు రూపాయల పెన్సిళ్ళు ఎన్ని వస్తాయి, ఎంత మిగులుతుంది అన్నప్పుడు ఈ తేడా తెలియని పిల్ల ఎవరికి పంచాలా అని వెతుకుతుంది.

అహేరి_అడవి
మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు. వేసవిలో తునికాకు కల్లంలో మా కట్టలు ఆరబోసేది. ఎన్ని అని ఎవరైనా అడిగితే ఒక వరుస పొడవునా నడిచి ఇరవై అనుకునేది, తర్వాత అడ్డంగా తిరిగి వరుసలు మాత్రమే లెక్కపెట్టేది. అయిదు వరుసలైతే నూరు. మధ్యలో కట్టల వైపు చూసేదే కాదు. ఎక్కడైనా ఒక వరుస కురచగా ఉంటే ముందు దాన్ని సరిచేసి అప్పుడు లెక్కపెట్టేది. ఆ పాప చేస్తున్నదీ అదే అనిపిస్తోంది.

మా వైపు కట్టకి డెబ్భై ఆకులు. నది దాటితే యాభై. రెండు వైపులా పనిచేసినవాళ్ళకి ఏ లెక్క ఎక్కడిదో గుర్తుపెట్టుకోవడమే పెద్ద ఎక్కం.

రాజురా_మాస్టర్
@అహేరి_అడవి కురచ వరుసని ముందు సరిచేయడం, అదే అసలు కీలకం. వరుసలన్నీ సమానం కాకపోతే గుణకారమే లేదు. నేను మొదటి వారం పళ్ళేల్లో గింజలు పోసేటప్పుడు కావాలనే ఒక పళ్ళెంలో ఒకటి తక్కువ వేస్తాను. ఎవరు పట్టుకుంటారో చూస్తాను.

ప్రాణహిత_ఒడ్డు
బొమ్మ సంగతి అర్థమైంది మాస్టారూ, పాపని చదవమంటే "మూడు నాలుగులు" అనే చదివింది. కానీ ఏడెనిమిదులు మాటేమిటి? గింజలు లెక్కపెట్టి యాభై ఆరు చెప్పడం లెక్కపెట్టడమే అవుతుంది గానీ గుణకారం ఎలా అవుతుంది?

రాజురా_మాస్టర్
మీరు సరైన చోటే పట్టుకున్నారు. 56 గింజలు పేర్చి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే ఎన్ని నెలలు చేసినా గుణకారం రాదు. చాలా బళ్ళలో ఈ పద్ధతి అక్కడే ఆగిపోతుంది, తర్వాత గింజలదే తప్పంటారు.

ఇలా చేయించండి. గింజలు నేల మీద దొర్లుతాయి, గళ్ళ నోటుబుక్కు మీద గడికొకటి పెట్టించండి. అడ్డంగా ఎనిమిది, అలాంటి వరుసలు ఏడు. పేర్చడం అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగొద్దు. చేతికి ఒక చీపురుపుల్ల ఇచ్చి, "ఇందులో లెక్కపెట్టకుండా నీకు తెలిసిన ముక్క ఎంతవరకు? అక్కడ పుల్ల పెట్టు" అనండి. ఎక్కడ పెట్టాలో మీరు చెప్పొద్దు. ఎక్కువమంది పిల్లలు అయిదు వరుసల కింద పెడతారు, అయిదులు వాళ్ళకి ముందే వచ్చి ఉంటాయి కాబట్టి. పుల్ల పైన అయిదు ఎనిమిదులు నలభై. కింద రెండు ఎనిమిదులు పదహారు. రెండూ కలిపితే యాభై ఆరు. పుల్ల పెట్టేదాకా అది పెద్ద కుప్ప, పెట్టాక తెలిసిన రెండు చిన్న కుప్పలు.

చూడాల్సింది పెదవులు, వేలు. పెదవులు కదులుతూ వేలు ఒక్కో గింజనీ తాకుతుంటే పిల్ల ఇంకా ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. అప్పుడు గింజలు తీసేయండి. కాగితం మీద ఏడు గళ్ళ ఎత్తు, ఎనిమిది గళ్ళ వెడల్పు ఉన్న పెట్టె గీసి, లోపల ఏ గీతా లేకుండా అంచుల మీద 7, 8 అని మాత్రం రాయండి. లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి ముక్కలు చేయక తప్పదు. గింజల నుంచి ఖాళీ పెట్టెకి ఎప్పుడు మారాలన్నదే ఈ మొత్తం పనిలో గురువుకి తెలియాల్సింది. మీ మేడమ్ నెలన్నర గింజల్లోనే ఉన్నారంటే కొంచెం ఆలస్యమైందనే నా అనుమానం. చూడకుండా గట్టిగా చెప్పలేను.

రాయగడ_రైలు
మా వాడు ఒడియా మీడియం. పణికియా అంటారు అక్కడ. ఇంట్లో తెలుగులో అడిగితే ముందు ఒడియాలో గొణుక్కుని, వచ్చిన అంకెని తెలుగులోకి మార్చి చెబుతాడు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచి అందుకోవాల్సిందే. ఏడో ఎక్కంలో ఎనిమిది కావాలంటే ఏడు ఒకట్ల దగ్గర బయల్దేరాలి. పాసింజరు బండిలాగా ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతాడు.

మేమూ ఇంట్లో గుండీలు పేర్పించి చూశాం. అయిదు సున్నాలు ఎంత అంటే అయిదు అన్నాడు. ఎందుకురా అంటే "అయిదు గుండీలు పెట్టాను, ఇంకేమీ పెట్టొద్దన్నావు కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రాజురా_మాస్టర్
@రాయగడ_రైలు వరుసలతో సున్నాని చూపించలేం, అది ఈ పద్ధతి హద్దు. అయిదు వరుసలు, వరుసకి సున్నా గింజలు అంటే కాగితం మీద వరుసే కనబడదు. దానికి పళ్ళేలే కావాలి. అయిదు పళ్ళేలు పెట్టండి, ఒక్కోదాంట్లో రెండేసి గుండీలు, పది. ఒక్కొక్కటి తీసేయండి, అయిదు. మిగిలినవీ తీసేయండి. పళ్ళేలు అయిదూ అక్కడే ఉన్నాయి, గుండీలు ఎన్ని? మీ వాడు పళ్ళేన్నే గుండీ అనుకున్నాడు, అంతే.

ధర్మాబాద్_మిర్చి
అయిదు ఖాళీ పళ్ళేలు. నెలాఖరున మా ఇల్లు కూడా ఇదే పాఠం చెబుతుంది.

చీరంచు
ఎక్కడికీ వెళ్ళకుండా చెప్పే పద్ధతి ఒకటి మా ఇంట్లో ఉంది. మా వారికి కిరాణా కొట్టు. గుడ్ల ట్రేలో అయిదు ఆర్లు ముప్పై. ట్రేని పక్కకి తిప్పితే ఆరు అయిదులు. పిల్లలు ఈ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. ఈసారి విషయం చదివే రాశాను.

ప్రాణహిత_ఒడ్డు
నిన్న ఆదివారం కూర్చోబెట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ముందు నేల మీదే పేర్చింది, నోటుబుక్కు బడిలో మర్చిపోయానంది. ఏడు ఎనిమిదులు పేర్చి లెక్కపెట్టి 54 అంది. మళ్ళీ లెక్కపెట్టినా 54. వంగి చూస్తే మూడో వరుసలో ఆరే ఉన్నాయి, రెండు గింజలు మంచం కిందకి దొర్లాయి. అప్పుడు పక్కింటివాళ్ళ దగ్గర గళ్ళ కాగితం తెచ్చి దాని మీద పెట్టించాను. మాస్టారు చెప్పినట్టు చీపురుపుల్ల ఇచ్చి తెలిసిన ముక్క ఎంతవరకు అని అడిగాను.

అది అయిదు వరుసల కింద పెట్టలేదు. పుల్లని నిలువుగా పెట్టింది. ప్రతి వరుసలోనూ అయిదు గింజలు ఎడమ పక్క, మూడు కుడి పక్క. తప్పు పెట్టావని అనబోయి ఆగాను. ఎడమ పక్క వేలు పెట్టకుండానే ముప్పై అయిదు అంది. కుడి పక్కన ఏడు, పధ్నాలుగు, ఇరవై ఒకటి అని నిలువు వరుసలు లెక్కపెట్టింది. తర్వాత కాసేపు పైకి చూసి యాభై ఆరు అంది. ఇది సరైనదేనా, లేక అలవాటు చెడిపోతుందా?

తర్వాత నేనే అత్యాశకి పోయి "ఎనిమిది ఏళ్ళు ఎంత?" అన్నాను. గింజలన్నీ ఊడ్చేసి కొత్తగా పేర్చబోయింది. ఆపి, కాగితాన్ని పావు చుట్టు తిప్పాను. ఒక్క క్షణం చూసి "మోసం!" అంది. ఇంకెవరో పేర్చినదాన్ని తనదిగా చెప్పినట్టు మొహం పెట్టింది.

రాజురా_మాస్టర్
పుల్ల నిలువుగా పెట్టడం నూటికి నూరుపాళ్ళూ సరైనదే. నేను చెప్పినదానికన్నా దానికి అదే సులువనిపించింది. మీరు ఆగడం మంచి పని చేశారు. తనకి తెలిసినవి అయిదులు అని చూపించింది, ఎక్కడ కోయాలో అదే నిర్ణయించుకుంది.

"మోసం" అన్న మాట నాకు బాగా నచ్చింది. తరగతిలో ఏడాదికి ఒకరిద్దరు అలాంటిదేదో అంటారు.

కోచింగ్_సూరి
సరే, గింజల మీద వచ్చింది. రేపు గింజలు లేకుండా అడిగి టైము చూడండి.

ప్రాణహిత_ఒడ్డు
@కోచింగ్_సూరి ఇవాళ పొద్దున బండి మీద బడికి తీసుకెళ్తూ అడిగాను. ఆర్టీసీ బస్టాండ్ దగ్గర అడిగితే పోస్టాఫీసు దాటాక యాభై ఆరు అంది. ఎలా అంటే "ముప్పై అయిదు, ఇరవై ఒకటి" అంది. పది సెకన్లు పట్టి ఉంటుంది.

కోచింగ్_సూరి
పది సెకన్లు చాలా ఎక్కువ. నా పిల్లలు ఒక సెకనులో చెబుతారు. 80 ప్రశ్నల్లో ఒక్కోదానికి తొంభై సెకన్లు, అందులో పది ఒక్క గుణకారానికే పోతే ఎలా?

రాజురా_మాస్టర్
సూరి గారి మాటలో సగం నిజం ఉంది. ఎప్పటికీ ముక్కలు చేసుకుంటూ కూర్చోకూడదు, చివరికి నోటికి రావాలి. ఎన్ని రావాలన్నదే తేడా.

పది ఎక్కాల్లో వంద గుణకారాలు. పిల్లల చేతే పది గళ్ళ చదరం గీయించి, తెలిసినవి వాళ్ళనే నింపమనండి. కాగితం తిప్పితే రెండూ ఒకటేనని మీ పాప చూసేసింది కాబట్టి ఒకటి నింపితే రెండోది ఊరికే వస్తుంది.

కోచింగ్_సూరి
అంటే యాభై. అది నేనూ చెబుతుంటాను.

రాజురా_మాస్టర్
యాభై కాదు, యాభై అయిదు. ఆ చదరాన్ని మూల నుంచి మూలకి మడవండి. మడత మీద పడే పది గళ్ళకి జోడీ ఉండదు. రెండు రెళ్ళు, మూడు మూళ్ళు, అలా పది పదులు దాకా. మిగిలిన తొంభై సగమై నలభై అయిదు, ఇవి పది.

అందులో ఒకట్లు, రెళ్ళు, అయిదులు, పదులు మూడో తరగతి పిల్లకి వచ్చే ఉంటాయి. వాటిని కొట్టేస్తే 21 మిగులుతాయి. నాలుగుతో ఉన్నవి రెట్టింపుకి రెట్టింపు, తొమ్మిదితో ఉన్నవి పది వరుసల్లోంచి ఒక వరుస తీసేయడం. అవీ కొట్టేస్తే మూడు, ఆరు, ఏడు, ఎనిమిది తమలో తాము చేసుకునే పది మాత్రమే మిగులుతాయి. ఏడెనిమిదులు అందులో ఒకటి. ఆ పదింటిని చీటీల మీద రాసి ఇంట్లో రోజూ రెండు నిమిషాలు అడగండి. నోటికే రావాలి, నేనూ అనిపిస్తాను.

పాతకాలం_పంతులు
చూశారా, చివరికి నా దారికే వచ్చారు.

రాజురా_మాస్టర్
మీ దారికే వచ్చాను పంతులు గారూ. కాకపోతే మూట తేలిక చేసుకుని వచ్చాను.

అహేరి_అడవి
మాస్టారూ, తొమ్మిదుల దగ్గర మా చెల్లి కూతురు ఏడు తొమ్మిదులు అరవై తొమ్మిది అంటుంది. ఎన్నిసార్లు చెప్పినా అదే. ఎందుకంటారు?

రాజురా_మాస్టర్
డెబ్భైలోంచి ఒకటి తీసింది. తీయాల్సింది ఒక వరుస, తను తీసింది ఒక గింజ. ఏడు గింజల వరుసలు పది వేయించండి, డెబ్భై. చివరి వరుస మీద అరచెయ్యి పెట్టి మూసేసి, చేతికింద ఎన్ని ఉన్నాయని అడగండి. అరవై మూడు అదే చెబుతుంది. "పదిలోంచి ఒకటి తీసేయ్" అని నోటితో చెబితే మాత్రం ఈ అరవై తొమ్మిది మళ్ళీ వస్తుంది, ఆ ఒకటి ఏమిటో మాటలో కనబడదు.

రాయగడ_రైలు
మా వాడికి మధ్యలోంచి అడిగితే రాకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది. వాడికి వచ్చింది పాట. పాటలో ఎనిమిదో మాట మాత్రమే పాడమంటే నాకూ రాదు.

పాతకాలం_పంతులు
పాటని తక్కువ చేయొద్దమ్మా. పది మందితో కలిసి అనేటప్పుడు రానివాడికి కూడా ధైర్యం వస్తుంది. గింజలతో ఒంటరిగా కూర్చున్న పిల్లకి ఆ ఊపు ఉండదు. నేను ఈ ఒక్క విషయంలో ఒప్పుకోను.

ప్రాణహిత_ఒడ్డు
ఇంకో సంగతి. మేడమ్‌ని కలిశాను. మరాఠీ పాఢాకీ మన ఎక్కానికీ ఉన్న తేడా చెబితే ఆవిడ కూడా కొంచెం ఆశ్చర్యపోయారు. తను నాగపూర్ వైపు నుంచి వచ్చారట, ఇంట్లో పిల్లలు ఎక్కం ఎలా అంటారో ఎప్పుడూ వినలేదన్నారు. ఇకపై తరగతిలో బొమ్మ ఎలా గీసినా పిల్ల చదివి చెబితే ఒప్పుకుంటానన్నారు. పరీక్ష పేపరు మాత్రం వేరేవాళ్ళు దిద్దుతారు కాబట్టి అక్కడ నాలుగు వరుసలే గీయమని చెప్పండి అన్నారు. ఇప్పుడు పాపకి ఏం చెప్పాలి, నువ్వు గీసింది సరైనదే కానీ పరీక్షలో అలా గీయకు అనా?

కోచింగ్_సూరి
అవును, అదే చెప్పండి. మార్కులు మార్కులే.

రాజురా_మాస్టర్
నేనైతే చెప్పను. "తీన్ చోక్ అని రాసి ఉంటే ఎలా గీస్తావు, మూడు నాలుగులు అంటే ఎలా గీస్తావు" అని రెండూ గీయిస్తాను. పేపరు మరాఠీలో ఉంటుంది కాబట్టి మరాఠీలో చదువుకుని గీస్తుంది. కానీ 3 × 4 అని అంకెలు మాత్రమే ఇస్తే ఏ భాషలో చదవాలి అని అడిగితే నా దగ్గరా ఖచ్చితమైన జవాబు లేదు. దిద్దేవాళ్ళకే వదిలేయాలి.

అహేరి_అడవి
మూడో తరగతి పిల్లకి భాషకో బొమ్మా? పెద్దవాళ్ళం ఒక్కటి తేల్చుకోలేక దాని నెత్తిన పెడుతున్నాం.

ప్రాణహిత_ఒడ్డు
ఇంతలో పాప కొత్త గొడవ మొదలెట్టింది. కాళేశ్వరంలోని మా తమ్ముడి కొడుకు ఫోన్లో "పన్నెండు పధ్నాలుగులు చెప్పు" అని సవాలు విసిరాడట. ఇది డబ్బా తెచ్చి పేర్చడం మొదలుపెట్టింది, ఏడు వరుసలయ్యాక గింజలు రెండే మిగిలాయి. ఏడుపు మొహం.

రాజురా_మాస్టర్
గింజలు తీసేసి పెట్టె గీయమనండి. పొడవు పధ్నాలుగు, అందులో పది దగ్గర ఒక గీత. ఎత్తు పన్నెండు, అక్కడా పది దగ్గర ఒక గీత. నాలుగు గదులు వస్తాయి. పెద్ద గది వంద. పక్కది పది నాలుగులు, నలభై. కిందది రెండు పదులు, ఇరవై. మూలన ఉన్న చిన్నది రెండు నాలుగులు, ఎనిమిది. కలుపుకోమనండి. ఆ అబ్బాయికి తిరిగి ఫోన్ చేసి, వాడికి పదిహేనో ఎక్కం తర్వాత పదహారు పద్దెనిమిదులు వస్తాయేమో అడగమనండి.

ప్రాణహిత_ఒడ్డు
గీసింది. 168. కానీ "గింజలతో కూడా చేసి చూడాలి, ఇంకా కావాలి" అని పట్టుబట్టి కూర్చుంది.

ధర్మాబాద్_మిర్చి
వంద ఉన్నాయి కదా, మిగతా 68 నేను పంపిస్తా. వేయించి.